పరీక్షనాళికలో ఆలస్యం, రక్తనాళంలో తొందర: యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్

యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అనేది శరీరం తన సొంత ప్రొటీన్ల మీద తానే తయారుచేసుకునే యాంటీబాడీల వల్ల వచ్చే వ్యాధి. ఈ వ్యాధి రెండు రూపాల్లో బయటపడుతుంది. ఒకటి, రక్తనాళాల్లో గడ్డలు కట్టడం. కాలి సిరలో కట్టిన గడ్డ పిక్కను వాచేలా చేస్తుంది, అక్కడి నుంచి కదిలి ఊపిరితిత్తిలో చిక్కుకుంటే ఊపిరి ఆడదు. మెదడుకు వెళ్లే ధమనిలో గడ్డ కడితే ముప్పై, నలభై ఏళ్ల వయసులోనే పక్షవాతం వస్తుంది. రెండోది, గర్భం నిలవకపోవడం. కొందరికి మొదటి మూడు నెలల్లోనే మళ్లీ మళ్లీ గర్భస్రావం అవుతుంది. కొందరికి అయిదో నెలలోనో ఆరో నెలలోనో కడుపులోనే బిడ్డ గుండె ఆగిపోతుంది. మరికొందరికి బీపీ విపరీతంగా పెరిగి, నెలలు నిండకుండానే కాన్పు చేయవలసి వస్తుంది. ఒకరిలో ఈ రెండు రూపాలూ కనిపించవచ్చు, లేదా ఒకటే కనిపించవచ్చు. లూపస్ అనే కీళ్ల, చర్మ, కిడ్నీ వ్యాధి ఉన్నవారిలో ఇది ఎక్కువ. అయితే లూపస్ ఏమీ లేకుండా దీనొక్కటే వచ్చేవారు కూడా చాలామంది ఉన్నారు.

ఈ వ్యాధి కథ సిఫిలిస్ పరీక్షతో మొదలైంది. 1906లో జర్మనీలో వాసెర్మన్ బృందం సిఫిలిస్‌ను గుర్తించడానికి ఒక రక్తపరీక్ష కనిపెట్టింది. రోగి రక్తంలోని యాంటీబాడీలు జంతు కణజాలం నుంచి తీసిన సారానికి అంటుకుంటాయా లేదా అని ఆ పరీక్షలో చూసేవారు. 1941లో అమెరికా శాస్త్రవేత్త మేరీ పాంగ్‌బార్న్ ఆ సారంలో అసలు పనిచేసే పదార్థాన్ని ఆవు గుండె నుంచి వేరుచేసింది. అది ఒక ఫాస్ఫోలిపిడ్, అంటే కణాల పొరల్లో ఉండే కొవ్వు పదార్థం. గుండె నుంచి దొరికింది కాబట్టి దానికి కార్డియోలిపిన్ అని పేరు పెట్టింది. గర్భిణీలకు తొలి నెలల్లో చేసే వి.డి.ఆర్.ఎల్. పరీక్షలో ఇప్పటికీ వాడేది ఆ కార్డియోలిపిన్నే. 1952లో అమెరికాలో మూర్, మోర్ అనే వైద్యులు ఒక విషయం గమనించారు. కొందరికి సిఫిలిస్ అసలు లేకపోయినా ఈ పరీక్ష ఏళ్ల తరబడి పాజిటివ్‌గానే ఉంటోంది, వారిలో కొందరికి తర్వాత లూపస్ బయటపడుతోంది.

అదే 1952లో కాన్లీ, హార్ట్‌మన్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు లూపస్ ఉన్న ఇద్దరు రోగుల ప్లాస్మా పరీక్షనాళికలో చాలా ఆలస్యంగా గడ్డకడుతోందని రాశారు. ఆ గుణానికి 1972లో లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అనే పేరు వచ్చింది. ఆ పేరు రెండు విధాలుగా దారి తప్పిస్తుంది. ఇది ఉన్నవారిలో చాలామందికి లూపస్ ఉండదు. యాంటీకోయాగ్యులెంట్ అంటే గడ్డకట్టకుండా ఆపేది, కానీ ఈ రోగుల్లో రక్తస్రావం కన్నా రక్తం గడ్డలు కట్టడమే ఎక్కువ. 1983లో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో గ్రాహమ్ హ్యూస్ బృందం కార్డియోలిపిన్‌కు అంటుకునే యాంటీబాడీలను నేరుగా కొలిచే పరీక్ష తయారుచేసి, రక్తపు గడ్డలు, గర్భస్రావాలు, ఈ యాంటీబాడీలు మూడూ ఒకే వ్యాధిలోని భాగాలని చూపింది. అందుకే దీన్ని హ్యూస్ సిండ్రోమ్ అని కూడా అంటారు.

అయితే చిక్కుముడి అక్కడితో విడిపోలేదు. పరీక్షనాళికలో రక్తాన్ని గడ్డకట్టకుండా ఆపే యాంటీబాడీ రక్తనాళంలో గడ్డ ఎందుకు కట్టిస్తుంది? ఒంట్లో ఎప్పుడూ తిరుగుతూ ఉండే యాంటీబాడీ ఏళ్ల తరబడి ఊరుకుని, ఒక్క రోజున ఎందుకు గడ్డ కట్టిస్తుంది? ఇక అదే యాంటీబాడీ గర్భం మీద ఎందుకు అంత నిలకడగా దెబ్బ తీస్తుంది? ఈ మూడు ప్రశ్నలకూ ఒకే చోట జవాబు దొరుకుతుంది. ఆ చోటు కణం పై పొర.

1990లో ఆస్ట్రేలియా, జపాన్, నెదర్లాండ్స్ దేశాల్లో పరిశోధకులు వేర్వేరుగా ఒక సంగతి కనుగొన్నారు. ఈ యాంటీబాడీలు నిజానికి కొవ్వుకు అంటుకోవడం లేదు. కొవ్వు మీద కూర్చున్న ఒక ప్రొటీన్‌కు అంటుకుంటున్నాయి. ఆ ప్రొటీన్ పేరు బీటా-2 గ్లైకోప్రొటీన్-1. కాలేయం దీన్ని తయారుచేస్తుంది, ఆరోగ్యవంతులందరి రక్తంలోనూ ఇది పుష్కలంగా తిరుగుతుంది. అయిదు పూసలు గుచ్చిన పొట్టి దండలా ఉంటుంది. అయిదో పూసలో ధనావేశం ఉన్న ఒక చోటు ఉంది, అది రుణావేశం ఉన్న ఫాస్ఫోలిపిడ్లను పట్టుకుంటుంది. రెండో కొసన ఉన్న మొదటి పూస మీదనే ప్రమాదకరమైన యాంటీబాడీలు గురిపెట్టే చోటు ఉంది. ప్రొటీన్ రక్తంలో తేలుతున్నప్పుడు ఆ చోటు చాలావరకు మరుగున ఉంటుంది. పొరను పట్టుకున్నాక బయటపడుతుంది.

కణం పొర ఎలా ఉంటుందో కూడా తెలుసుకోవాలి. ఆ పొరలో కొవ్వు రెండు వరసలుగా పరిచి ఉంటుంది. కోటుకు లోపల అస్తరు వేసినట్టు, రుణావేశం ఉన్న ఫాస్ఫటిడైల్‌సెరీన్ అనే కొవ్వు లోపలి వరసలోనే ఉంటుంది. కణం నిలకడగా ఉన్నంతవరకు ఆ అస్తరు బయటికి కనిపించదు. కణం దెబ్బతిన్నా, చచ్చిపోతున్నా, రక్తఫలకిక ఉద్రేకపడినా అస్తరు బయటికి తిరుగుతుంది. రక్తం గడ్డకట్టే ప్రక్రియ జరగడానికి కావలసిన పీట కూడా అదే. గడ్డకట్టే అంశాలు ఆ రుణావేశపు కొవ్వు మీద వరసగా కూర్చుంటేనే ఒకదాన్నొకటి వేగంగా మేల్కొల్పగలవు.

యాంటీబాడీకి రెండు చేతులు ఉంటాయి. ఒక్క చేత్తో పట్టుకుంటే ఈ యాంటీబాడీల పట్టు బలహీనంగానే ఉంటుంది. రక్తంలో విడివిడిగా తేలుతున్న ప్రొటీన్ వీటికి దొరికినా వెంటనే జారిపోతుంది. పొర మీద పక్కపక్కనే రెండు ప్రొటీన్లు కూర్చున్నప్పుడు మాత్రం యాంటీబాడీ రెండు చేతులతో రెండింటినీ పట్టుకుంటుంది. అప్పుడు యాంటీబాడీ, రెండు ప్రొటీన్లు, కింది పొర కలిసి గట్టిగా ముడిపడతాయి. అందుకే రక్తంలో యాంటీబాడీ ఉన్నంత మాత్రాన వ్యాధి రాదు. అది పట్టుకోవడానికి తగిన పొర దొరకాలి.

ఇప్పుడు పరీక్షనాళిక సంగతి చూస్తే మొదటి చిక్కు విడుతుంది. ఏ.పి.టి.టి. అనే పరీక్షలో కాల్షియం తీసేసిన ప్లాస్మాకు కొద్దిగా ఫాస్ఫోలిపిడ్, దానితో పాటు ప్రక్రియను మొదలుపెట్టే ఒక పొడి కలుపుతారు. తర్వాత కాల్షియం చేర్చి ఎన్ని సెకన్లకు గడ్డ కట్టిందో చూస్తారు. మామూలుగా అది సుమారు 25 నుంచి 35 సెకన్లు. ఈ గొట్టంలో కణాలు లేవు. ఉన్న పీట ఆ కలిపిన కొద్దిపాటి ఫాస్ఫోలిపిడ్ ఒక్కటే. యాంటీబాడీలు దాని మీద గట్టిగా ముడిపడి కూర్చుంటే, గడ్డకట్టే అంశాలకు చోటు చాలదు. గడ్డ ఆలస్యమవుతుంది. రక్తనాళంలో అలా కాదు. అక్కడ పొర జీవమున్న కణానిది. యాంటీబాడీ దాన్ని ముట్టుకుంటే చోటు తగ్గడమే కాదు, కణం మేల్కొని కేక పెడుతుంది. గొట్టంలో ఆ కేక పెట్టేవారు ఎవరూ లేరు.

గడ్డ ఆలస్యం కావడానికి వేరే కారణాలూ ఉంటాయి కాబట్టి ల్యాబ్‌లో రెండు పనులు చేస్తారు. మొదటిది, రోగి ప్లాస్మాను ఆరోగ్యవంతుల ప్లాస్మాతో సమపాళ్లలో కలపడం. గడ్డకట్టే అంశం ఏదైనా లోపించి ఆలస్యమైతే, బయటి ప్లాస్మా ఆ లోటు తీరుస్తుంది, సమయం మామూలుకు వస్తుంది. అడ్డుపడే యాంటీబాడీ ఉంటే అది కొత్త ప్లాస్మానూ అడ్డుకుంటుంది, సమయం తగ్గదు. రెండోది, ఫాస్ఫోలిపిడ్‌ను ధారాళంగా కలపడం. పీట పెద్దదైతే యాంటీబాడీలు ఎంత ఆక్రమించినా ఇంకా చోటు మిగులుతుంది, అప్పుడు సమయం తగ్గుతుంది. ఈ రెండు ఫలితాలూ కలిస్తేనే లూపస్ యాంటీకోయాగ్యులెంట్ ఉందని చెబుతారు.

ఈ పరీక్షల్లో అన్నిటికన్నా నమ్మకమైనదానిలో వాడేది రక్తపింజర విషం. ఆ విషం గడ్డకట్టే పదో అంశాన్ని నేరుగా మేల్కొల్పుతుంది. పై మెట్లు దాటవలసిన పని ఉండదు కాబట్టి, పలచగా కలిపిన విషంతో చేసే ఈ పరీక్షలో ఆలస్యం కనబడితే తప్పు ఫాస్ఫోలిపిడ్ పీట దగ్గరే ఉందని తేలిగ్గా తెలుస్తుంది. పాశ్చాత్య వైద్యగ్రంథాల్లో ఆ పాముకు పాట్రిక్ రస్సెల్ పేరు స్థిరపడింది. ఆయన 1780ల్లో విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరంలోని పాములను పరిశీలించిన స్కాట్లాండ్ వైద్యుడు. 1796లో అచ్చయిన తన గ్రంథంలో ఆయన ఈ పామును స్థానికులు చెప్పిన కాటుకరేకుల పొడ అనే తెలుగు పేరుతోనే నమోదు చేశాడు.

రక్తనాళంలో జరిగేదానికి వస్తే, రక్తనాళం లోపలి గోడకు ఒక వరస కణాల పూత ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ కణాలు రక్తం గడ్డకట్టకుండా కాపలా కాస్తాయి. నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుస్తూ నాళాన్ని వదులుగా ఉంచుతాయి, రక్తఫలకికలను అంటనివ్వవు. బీటా-2 గ్లైకోప్రొటీన్-1ను ముడివేసుకున్న యాంటీబాడీ ఆ కణాల మీద కూర్చుంటే, కణం పొర మీది గ్రాహకాల ద్వారా లోపలికి సంకేతం పోతుంది. నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది. తెల్లకణాలు అంటుకునే జిగట ప్రొటీన్లు పైకి వస్తాయి. టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ కూడా బయటపడుతుంది, గడ్డకట్టే ప్రక్రియకు అసలు మీట అదే. మోనోసైట్లు అనే తెల్లకణాలు కూడా టిష్యూ ఫ్యాక్టర్‌ను ధరిస్తాయి. రక్తఫలకికలు తేలిగ్గా ఉద్రేకపడతాయి. గడ్డను అదుపులో పెట్టే ప్రొటీన్-సి వ్యవస్థకు కూడా అదే ఫాస్ఫోలిపిడ్ పీట కావాలి. యాంటీబాడీ అడ్డుకూర్చోవడంతో అదీ కుంటుపడుతుంది. ఇలా గడ్డ కట్టించేవన్నీ చురుకవుతాయి, ఆపేవన్నీ మందగిస్తాయి.

అయినా ఇదంతా రోజూ జరగదు. 2005లో ఇటలీ పరిశోధకులు ఎలుకలకు రోగుల యాంటీబాడీలు ఎక్కించి చూశారు. ఊరికే ఎక్కిస్తే గడ్డలు కట్టలేదు. ముందుగా బ్యాక్టీరియా గోడలోని విషపదార్థం కొద్దిగా ఇచ్చి, తర్వాత యాంటీబాడీలు ఎక్కిస్తే పేగులకు వెళ్లే సన్నని నాళాల్లో గడ్డలు కట్టాయి. అంటే యాంటీబాడీ మొదటి దెబ్బ, పొరను తిప్పే మరేదో రెండో దెబ్బ. మనుషుల్లో ఆ రెండో దెబ్బ ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఆపరేషన్ కావచ్చు, చాలాకాలం మంచాన ఉండటం కావచ్చు, పొగతాగడం కావచ్చు, ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు కావచ్చు. గర్భం, దాని తర్వాతి ఆరు వారాలు కూడా ఆ కోవలోనివే. ఏళ్ల తరబడి ఊరుకున్న యాంటీబాడీ ఒక్కరోజున గడ్డ కట్టించడం వెనకున్న సంగతి ఇది.

ఇక గర్భం. చాలాకాలం వైద్యులు ఇక్కడ కూడా గడ్డలే కారణమనుకున్నారు. మాయలో రక్తపు గడ్డలు కట్టి బిడ్డకు రక్తం అందక గర్భం పోతోందని భావించారు. కొన్ని మాయల్లో రక్తం అందక చచ్చుబడిన తెల్లని ముద్దలు కనిపించిన మాట నిజం. కానీ ఆ వివరణకు రెండు అడ్డంకులు ఎదురయ్యాయి. చాలా మాయల్లో గడ్డలు కనిపించలేదు. అంతకన్నా ముఖ్యం, పది వారాల లోపు జరిగే గర్భస్రావాలు. ఆ దశలో తల్లి ధమనుల మూతులు మాయ కణాలతోనే దాదాపుగా మూసుకుని ఉంటాయి. తల్లి రక్తం మాయలోకి ధారాళంగా రావడం దాదాపు పదో వారం దాటాకే. రక్తమే అంతగా పారని చోట గడ్డ ఆ నష్టానికి కారణం కాలేదు.

దీనికీ జవాబు పొర దగ్గరే ఉంది. మాయను కట్టేవి ట్రోఫోబ్లాస్ట్ అనే కణాలు. అవి ఒకదానితో ఒకటి కరిగి కలిసిపోయి తల్లి రక్తానికి ఎదురుగా ఒకే పెద్ద పొరగా మారతాయి. నెలలు నిండేసరికి ఆ పొర విస్తీర్ణం 12 చదరపు మీటర్ల దాకా ఉంటుంది, అంటే ఒక చిన్న గది నేలంత. కణాలు కలిసిపోవాలంటే వాటి అస్తరు, అంటే ఆ ఫాస్ఫటిడైల్‌సెరీన్, బయటికి తిరగక తప్పదు. మిగతా శరీరంలో కణం దెబ్బతిన్నప్పుడు మాత్రమే కనిపించే పొర, మాయలో పని జరగడానికే రోజూ తెరుచుకుని ఉంటుంది. అందుకే మాయ మీద బీటా-2 గ్లైకోప్రొటీన్-1 మామూలుగానే చేరుతుంది. అక్కడికి యాంటీబాడీ వస్తే పట్టుకోవడానికి సిద్ధంగా రెండు ప్రొటీన్లు పక్కపక్కనే ఉంటాయి. ఇక్కడ రెండో దెబ్బ కోసం ఎదురుచూడవలసిన పని లేదు.

అంటుకున్న యాంటీబాడీ ట్రోఫోబ్లాస్ట్ పనిని నేరుగా చెడగొడుతుంది. కణాల ఎదుగుదల తగ్గుతుంది. గర్భాన్ని నిలబెట్టే హెచ్.సి.జి. హార్మోన్ ఉత్పత్తి పడిపోతుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం చొచ్చుకుపోవడం ఆగిపోవడం. గర్భాశయం గోడలో మెలికలు తిరిగిన సన్నని ధమనులు ఉంటాయి. మంచి గర్భంలో ట్రోఫోబ్లాస్ట్ కణాలు వాటిలోకి చొచ్చుకుపోయి, బిగుసుకునే కండర గోడను తొలగించి, సుమారు అయిదో నెలకల్లా వాటిని వెడల్పైన వదులు కాలవలుగా మారుస్తాయి. ఆ పని సగంలో ఆగితే ధమనులు ఇరుకుగానే మిగులుతాయి. రోజులు గడిచేకొద్దీ బిడ్డకు కావలసిన రక్తం పెరుగుతుంది, కాలవ మాత్రం పెరగదు. అప్పుడు బిడ్డ ఎదుగుదల ఆగుతుంది. దెబ్బతిన్న మాయ విడిచే పదార్థాల వల్ల తల్లికి బీపీ పెరుగుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది. ఇదే ప్రీ-ఎక్లాంప్సియా, ముదిరితే వచ్చేది పెద్దలు గుర్రపువాతం అనే మూర్ఛ.

దీనికి తోడు కాంప్లిమెంట్ అనే రక్షణ వ్యవస్థ రంగంలోకి దిగుతుంది. అది రక్తంలో నిద్రాణంగా ఉండే ప్రొటీన్ల వరస. ఎక్కడైనా పొర మీద యాంటీబాడీ కనిపిస్తే మేల్కొని, తెల్లకణాలను పిలిచి దాడి చేయిస్తుంది. గర్భంతో ఉన్న చిట్టెలుకలకు రోగుల యాంటీబాడీలు ఎక్కిస్తే పిండాలు పోతాయి. కాంప్లిమెంట్‌లోని కీలకమైన మూడో ప్రొటీన్ లేని చిట్టెలుకల్లో అవే యాంటీబాడీలు హాని చేయలేదు. 2004లో న్యూయార్క్‌లోని జేన్ సాల్మన్ బృందం ఇంకో అడుగు వేసింది. గర్భం ధరించిన చిట్టెలుకలకు యాంటీబాడీలతో పాటు హెపారిన్ ఇస్తే పిండాలు నిలిచాయి. కానీ రక్తాన్ని అంతే బాగా పలచబరిచే ఫోండాపారినక్స్, హిరుడిన్ అనే మందులు ఇస్తే నిలవలేదు. హెపారిన్ కాంప్లిమెంట్‌ను కూడా అణచగలదు, మిగతా రెండూ అణచలేవు. గర్భం విషయంలో రక్తాన్ని పలచబరచడం ఒక్కటే చాలదని ఆ ప్రయోగం చెప్పింది.

ఇదంతా ఒక మనిషిలో ఎలా కనిపిస్తుందో చూడటానికి, ఇలాంటి రోగుల చరిత్రల నుంచి కూర్చిన ఒక నమూనా చాలు. ఇరవై ఏడేళ్ల స్త్రీ. మొదటి గర్భం ఎనిమిదో వారంలో పోయింది. రెండో గర్భంలో వి.డి.ఆర్.ఎల్. కొద్దిగా పాజిటివ్ అని వచ్చింది, నిర్ధారణ కోసం చేసిన టి.పి.హెచ్.ఎ. పరీక్ష నెగటివ్. ఆ సంగతి అక్కడితో మరిచిపోయారు. ఇరవై నాలుగో వారం స్కాన్‌లో బిడ్డ సైజు ఇరవై ఒకటో వారానికి సరిపడా మాత్రమే ఉంది. మరుసటి వారం బిడ్డ కదలికలు ఆగిపోయాయి. బిడ్డకు అవయవ లోపాలేవీ లేవు. మాయ మాత్రం చిన్నదిగా, అక్కడక్కడా తెల్లబడిన ముద్దలతో ఉంది.

ఏడాది తర్వాత పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ కోసం రక్తపరీక్షలు చేస్తే ఏ.పి.టి.టి. 61 సెకన్లు వచ్చింది. రక్తం ఆగదేమోనన్న అనుమానంతో ఆపరేషన్ వాయిదా పడింది. కానీ ఆమె చరిత్ర వేరుగా ఉంది. పన్ను పీకించుకున్నప్పుడు రక్తం మామూలుగానే ఆగింది, నెలసరిలో ఎక్కువ పోదు, ఇంట్లో ఎవరికీ రక్తస్రావ వ్యాధి లేదు. సమపాళ్ల ప్లాస్మా కలిపితే సమయం 57 సెకన్లకు మాత్రమే దిగింది. లోపం కాదు, అడ్డుపడేదేదో ఉందని తేలింది. రక్తపింజర విషపు పరీక్షలో 72 సెకన్లు, ఫాస్ఫోలిపిడ్ ధారాళంగా కలిపితే 42 సెకన్లు. కార్డియోలిపిన్ యాంటీబాడీ 78 యూనిట్లు, 40 దాటితే అది లెక్కలోకి వస్తుంది. బీటా-2 గ్లైకోప్రొటీన్-1 యాంటీబాడీ కూడా ఎక్కువే. మూడు పరీక్షలూ పాజిటివ్ కావడమే అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదం ఉన్న స్థితి.

ఇక్కడ ఒక మెట్టు తప్పనిసరి. ఏ వైరల్ జ్వరమో వచ్చిపోయాక కూడా ఈ యాంటీబాడీలు కొన్ని వారాల పాటు కనిపించి మాయమవుతాయి. అవి ప్రమాదకరమైనవి కావు. అందుకే కనీసం 12 వారాలు ఆగి మళ్లీ పరీక్షించాలి. రెండోసారి కూడా పాజిటివ్ వస్తేనే వ్యాధి ఖాయం. ఆమెకు 14 వారాల తర్వాతా అవే ఫలితాలు వచ్చాయి. పొరబాట్లు జరిగే చోట్లు కూడా తెలుసు. హెపారిన్ ఇంజెక్షన్ మీద ఉండగా రక్తం తీస్తే ఫలితం తారుమారవుతుంది. ప్లాస్మాను రెండుసార్లు తిప్పి రక్తఫలకికలను పూర్తిగా తీసేయకపోతే, వాటి పొరల నుంచి వచ్చే ఫాస్ఫోలిపిడ్ పీటను పెంచి అసలు యాంటీబాడీని దాచేస్తుంది. గర్భంలో ఎనిమిదో అంశం పెరిగి ఏ.పి.టి.టి. తగ్గిపోతుంది కాబట్టి ఆ సమయంలో నెగటివ్ వచ్చినా పూర్తిగా నమ్మలేరు.

ఆపరేషన్ సమయంలో ఆమెకు కావలసింది రక్తం గడ్డకట్టించే మందు కాదు. ఆపరేషన్ తర్వాత ముందుజాగ్రత్త మోతాదులో హెపారిన్ ఇచ్చి, త్వరగా లేచి నడిచేలా చూశారు. మూడో గర్భానికి ముందు నుంచే రోజుకు 75 మిల్లీగ్రాముల ఆస్ప్రిన్ మొదలుపెట్టారు. గర్భం ఖాయమవగానే రోజుకు ఒకసారి పొట్ట చర్మం కింద 40 మిల్లీగ్రాముల ఎనాక్సాపారిన్ చేర్చారు. అది తక్కువ అణుభారం ఉన్న హెపారిన్ రకం. హెపారిన్ అణువు మాయను దాటదు కాబట్టి బిడ్డను చేరదు. మొదటి వారాల్లో రక్తఫలకికల సంఖ్య చూశారు, ఎముకల కోసం కాల్షియం, విటమిన్-డి ఇచ్చారు. ఇరవయ్యో వారం నుంచి బిడ్డ ఎదుగుదల, బొడ్డుతాడులో రక్తప్రవాహం, తల్లి బీపీ క్రమం తప్పకుండా చూశారు. ముప్పై ఏడో వారంలో, ముందురోజే ఇంజెక్షన్ ఆపి కాన్పు చేశారు. బిడ్డ బరువు 2.4 కిలోలు. కాన్పు తర్వాత కూడా ఆరు వారాలు ఇంజెక్షన్ కొనసాగించారు. గడ్డలు కట్టే ప్రమాదం అప్పుడే మరీ ఎక్కువ.

ఈ చికిత్సకు ఆధారం ఉంది, హద్దూ ఉంది. 1997లో లండన్‌లో పదే పదే గర్భస్రావాలైన 90 మంది స్త్రీల మీద చేసిన అధ్యయనంలో ఆస్ప్రిన్ ఒక్కటే వాడినవారిలో 42 శాతం మందికి బిడ్డ దక్కితే, దానికి హెపారిన్ చేర్చినవారిలో 71 శాతం మందికి దక్కింది. అంటే చికిత్స సరిగ్గా చేసినా కొందరికి ఫలితం రాదు. మూడు పరీక్షలూ పాజిటివ్‌గా ఉన్నవారిలో, లూపస్ కూడా ఉన్నవారిలో ప్రీ-ఎక్లాంప్సియా, ఎదుగుదల ఆగడం హెపారిన్ మీద కూడా వస్తాయి. అలాంటివారికి మలేరియా మందుగా మొదలైన హైడ్రాక్సీక్లోరోక్విన్ చేరుస్తారు. ఒకప్పుడు ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు ఇచ్చేవారు. అవి హెపారిన్ కన్నా ఎక్కువ మేలు చేయకపోగా తల్లికి బీపీ, షుగర్, ముందస్తు కాన్పు తెచ్చిపెట్టాయి, అందుకే మానేశారు.

గర్భంతో సంబంధం లేకుండా ఇప్పటికే గడ్డ కట్టినవారి దారి వేరు. గడ్డ మళ్లీ కట్టే ప్రమాదం ఎక్కువ కాబట్టి, చాలామందికి వార్ఫరిన్ మాత్రలు ఏళ్ల తరబడి, తరచుగా జీవితాంతం అవసరమవుతాయి. ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష 2 నుంచి 3 మధ్య ఉండేలా మోతాదు సర్దుతారు. వార్ఫరిన్ మాయను దాటుతుంది, ఆరు నుంచి పన్నెండో వారం మధ్య బిడ్డ ముక్కు, ఎముకలు సరిగా ఏర్పడకుండా చేస్తుంది. అందుకే గర్భం వచ్చిందని తెలియగానే, ఆరో వారం రాకముందే దాన్ని ఆపి పూర్తి మోతాదు హెపారిన్‌కు మారతారు. కాన్పయ్యాక తిరిగి వార్ఫరిన్ వేసుకోవచ్చు, పాలివ్వడానికి అది అడ్డు కాదు. తరచూ రక్తపరీక్ష అక్కరలేని కొత్త మాత్రలు వచ్చినా, 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మూడు పరీక్షలూ పాజిటివ్‌గా ఉన్నవారికి రివరాక్సబాన్ ఇస్తే వార్ఫరిన్ కన్నా ఎక్కువమందికి పక్షవాతం వంటివి వచ్చాయి. అధ్యయనాన్ని మధ్యలోనే ఆపవలసి వచ్చింది. ఇలాంటి రోగులు వార్ఫరిన్ నుంచి ఆ మాత్రలకు మారకూడదని అందుకే చెబుతారు.

ఈ పరీక్షలు ఎవరికి చేయాలన్నదానికీ గీతలు ఉన్నాయి. తొలి నెలల్లో ఒక్కసారి గర్భం పోవడానికి అన్నిటికన్నా మామూలు కారణం పిండంలోని క్రోమోజోముల తేడా, ఈ యాంటీబాడీలు కాదు. పది వారాల లోపు వరసగా మూడు గర్భస్రావాలు, పది వారాలు దాటాక కారణం తెలియకుండా మామూలు బిడ్డ పోవడం, 34 వారాల లోపు తీవ్రమైన ప్రీ-ఎక్లాంప్సియాతోనో మాయ చాలకపోవడంతోనో కాన్పు, చిన్న వయసులో కారణం కనిపించని గడ్డ లేదా పక్షవాతం, ఇవే పరీక్షకు దారితీసే గట్టి గుర్తులు. ఏ లక్షణమూ లేకుండా యాంటీబాడీలు మాత్రమే కనిపించినవారు రోగులు కారు. వారిలో చాలామందికి ఎప్పటికీ ఏమీ కాదు. మూడు పరీక్షలూ పాజిటివ్ అయితే సాధారణంగా తక్కువ మోతాదు ఆస్ప్రిన్ సూచిస్తారు. యాంటీబాడీలు ఉన్నవారందరూ పొగాకుకు, ఈస్ట్రోజన్ మాత్రలకు దూరంగా ఉండి, ఆపరేషన్‌కో కాన్పుకో వెళ్లేటప్పుడు ఆ సంగతి ముందే వైద్యుడికి చెప్పాలి. పొర తిరిగే సమయాలు అవే కాబట్టి, జాగ్రత్త తీసుకోవలసిన సమయాలూ అవే.